169.254తో మొదలయ్యే ఐపీ అడ్రస్: అపోహలు - వాస్తవాలు

వడ్ల సీజన్‌లో మిర్యాలగూడ వైపు రైస్ మిల్లుల నుంచి నాకు ఫోన్లు ఎక్కువ. పోయిన సీజన్‌లో ఒక మిల్లు కాటా ఆపరేటర్ సోమవారం పొద్దున్నే ఫోన్ చేశాడు. "అన్నా, కాటా కంప్యూటర్‌కు నెట్ వస్తలేదు. ఆఫీసు సిస్టంలకు మంచిగనే ఉంది. విండోస్ మళ్లీ ఎక్కియ్యాల్నా?" అప్పటికే బయట లారీలు బారులు తీరాయి. తూకం ఆఫీసు కంప్యూటర్‌కు చేరట్లేదు, చీటీలు చేత్తో రాస్తున్నారు. `ipconfig` కొట్టి చదవమంటే ఇలా ఉంది:

```
Autoconfiguration IPv4 Address. . : 169.254.83.107
Subnet Mask . . . . . . . . . . . : 255.255.0.0
Default Gateway . . . . . . . . . :
```

అపోహ: ఐపీ వచ్చింది కదా, నెట్‌వర్క్ బాగానే ఉన్నట్టు.

ఆ అడ్రస్ ఎవరూ ఇచ్చింది కాదు. కంప్యూటర్ ఆన్ కాగానే "నాకో అడ్రస్ ఇవ్వండి" అని నెట్‌వర్క్ మొత్తానికి వినపడేలా అడుగుతుంది. జవాబివ్వాల్సింది డీహెచ్‌సీపీ సర్వర్. చిన్న ఆఫీసుల్లో ఆ పని రూటరే చేస్తుంది. ఎంత అడిగినా జవాబు రాకపోతే కంప్యూటర్ 169.254 వరుసలోంచి ఒక నంబరు తానే ఎంచుకుని, ఇంకెవరూ వాడట్లేదని చూసుకుని పెట్టుకుంటుంది. రెండు కంప్యూటర్లను నేరుగా కేబుల్‌తో కలిపితే ఈ అడ్రస్‌లతోనే మాట్లాడుకుంటాయి. కానీ బయటికి దారి చూపే గేట్‌వే ఖాళీ కాబట్టి ఇంటర్నెట్ ఉండదు, 192.168.1 వరుసలో ఉన్న ఆఫీసు కంప్యూటర్ కూడా అందదు.

అపోహ: వైరస్ వచ్చింది, ఫార్మాట్ చేయాలి.

కాదు. జవాబు రానప్పుడు విండోస్ చేయాల్సిన పనే చేసింది. ఫార్మాట్ చేసినా రూటర్ జవాబివ్వకపోతే మళ్లీ 169.254 వస్తుంది.

అపోహ: ఇంటర్నెట్ కంపెనీ లైన్ పోయింది.

బయటి లైన్ తెగినా మీ రూటర్ లోపల అడ్రస్‌లు పంచుతూనే ఉంటుంది. అప్పుడు 192.168 అడ్రస్ ఉంటుంది, నెట్ మాత్రం ఉండదు. 169.254 కనిపిస్తే వెతకాల్సింది మీ కంప్యూటర్‌కూ రూటర్‌కూ మధ్యనే.

అపోహ: ఒక్క కంప్యూటర్‌కే వచ్చిందంటే తప్పు ఆ కంప్యూటర్‌దే.

చాలాసార్లు నిజమే: కేబుల్ వదులై ఉంటుంది, లేదా స్విచ్ పోర్ట్ పోయి ఉంటుంది. అందుకే మొదట కంప్యూటర్ వెనక కేబుల్ పెట్టే చోట లైట్ చూడమంటాను. ఇక్కడ లైట్ మెరుస్తోంది. తర్వాత `ipconfig /release`, `ipconfig /renew` చేయించాను. చాలాసేపు ఆగి `unable to contact your DHCP server` అని వచ్చింది. రెన్యూ అంటే మళ్లీ అడగడమే. అవతల ఇచ్చేవాడు లేకపోతే ఎన్నిసార్లు కొట్టినా ఫలితం ఉండదు.

తేల్చే పరీక్ష వేరే ఉంది. మిల్లుకు వెళ్లి కాటా కంప్యూటర్‌కు చేత్తో 192.168.1.20, మాస్క్ 255.255.255.0, గేట్‌వే 192.168.1.1 పెట్టి రూటర్‌ను పింగ్ చేశాను.

```
ping 192.168.1.1
```

వెంటనే జవాబులు వచ్చాయి. అంటే కేబుల్, స్విచ్, కార్డు అన్నీ బాగున్నాయి. అడ్రస్ పంచే దగ్గరే ఏదో అడ్డం పడుతోంది. పింగ్ రాకపోయి ఉంటే కేబుల్ మార్చడంతో మొదలుపెట్టేవాణ్ణి.

రూటర్ పేజీలో డీహెచ్‌సీపీ జాబితా తెరిస్తే విషయం బయటపడింది. పంచడానికి పెట్టింది 192.168.1.100 నుంచి 149 వరకు, అంటే 50 అడ్రస్‌లు. యాభైకి యాభై అయిపోయాయి, ఎక్కువ భాగం ఫోన్లే. వైఫై పాస్‌వర్డ్ కాటా గది గోడ మీద రాసి ఉంది. ఆదివారం నుంచే వచ్చి ఆగిన లారీల డ్రైవర్లు, హమాలీలు అందరూ కలుపుకున్నారు. ఆ రూటర్‌లో ఉన్న గడువు ప్రకారం ఒకసారి ఇచ్చిన అడ్రస్ ఆ ఫోన్ వెళ్లిపోయినా 24 గంటలు దాని పేరు మీదే ఉంటుంది. కాటా కంప్యూటర్ శనివారం సాయంత్రం ఆపితే సోమవారం ఆన్ చేస్తారు. ఈలోగా దాని గడువు తీరి, అడ్రస్ ఇంకో ఫోన్‌కు పోయింది. ఆఫీసు కంప్యూటర్లు ఎప్పుడూ ఆపరు కాబట్టి వాటి అడ్రస్‌లు వాటికే ఉన్నాయి.

అపోహ: రూటర్ ఆపి ఆన్ చేస్తే సరిపోతుంది.

అంతకుముందు సోమవారాలు వాళ్లు చేసింది అదే. చాలా చిన్న రూటర్లు ఆపగానే ఆ జాబితా మరిచిపోతాయి. ఆ సందులో కాటా కంప్యూటర్‌కు చోటు దొరికి వారమంతా నడిచేది, మళ్లీ సోమవారం అదే టెన్షన్.

నేను వరుసను 230 వరకు పెంచాను, గడువు 2 గంటలకు తగ్గించాను. కాటా కంప్యూటర్ నెట్‌వర్క్ కార్డుకు ఉండే సొంత గుర్తింపు నంబరు, అంటే మ్యాక్ అడ్రస్ మీద 192.168.1.225ను రిజర్వ్ చేశాను. పరీక్ష కోసం చేత్తో పెట్టిన 20ను తీసేసి మళ్లీ ఆటోమేటిక్‌లో పెట్టడం మరవలేదు. అది అలాగే ఉంటే రేపు రూటర్ మారి వరుస మారిన రోజు ఆ కంప్యూటర్ మళ్లీ ఆగిపోతుంది. ఈసారి `ipconfig /renew` కొట్టిన రెండు మూడు సెకన్లలోనే 225 వచ్చింది, బయట ఆగిన మొదటి లారీ కాటా ఎక్కింది.