ఘాట్ ఎక్కే లారీ కింద బోలు షాఫ్ట్

సాలూరు దాటి సుంకి మీదుగా పొట్టంగి వైపు సాగే ఘాట్ రోడ్డులో బరువు లారీలు మొదటి గేరులో, రెండో గేరులో మూలుగుతూ ఎక్కుతాయి. కొరాపుట్ జిల్లాలో సిమిలిగుడ, జయపురం వైపు షెడ్లలో పనిచేసే తెలుగు మేస్త్రీలకు ఈ ఎక్కుడు లారీ అడుగుభాగాన్ని ఎంత పీడిస్తుందో బాగా తెలుసు. గేరుబాక్సు నుంచి వెనుక ఇరుసు దాకా సాగే ప్రొపెల్లర్ షాఫ్ట్ చూడటానికి లావుపాటి ఇనుప కడ్డీలా ఉంటుంది. స్పానరుతో తడితే మాత్రం ఖంగుమంటుంది, ఎందుకంటే అది గొట్టం. ఇరుసు లోపల దాగి ఉండి చక్రాలను తిప్పే యాక్సిల్ షాఫ్ట్‌ను బయటికి లాగి చూస్తే అది నిండు ఉక్కు. రెండింటి పనీ ఇంజను ఇచ్చే మెలిని మోయడమే. మరి ఒకటి బోలుగా, మరొకటి నిండుగా ఎందుకు ఉన్నాయి?

"ఇంత లోడు లాగే బండికి పైపు వేశారేమిటి మేస్త్రీ, నిండు కడ్డీ అయితే విరగదు కదా?" అని డ్రైవర్లు అడుగుతుంటారు. తోచీతోచని ప్రశ్న కాదది. లోహం ఎంత ఎక్కువగా ఉంటే అంత బలమని మనకు సహజంగా అనిపిస్తుంది. వేలాడదీసిన బరువును మోసే కడ్డీ విషయంలో అది నిజం కూడా. అక్కడ కడ్డీ అడ్డుకోతలోని ప్రతి చదరపు మిల్లీమీటరూ సమానంగా పనిచేస్తుంది. మెలి విషయంలో అలా జరగదు.

గుండ్రటి షాఫ్ట్ మీద పొడవునా సుద్దతో ఒక నిటారు గీత గీసి, ఒక చివర కదలకుండా పట్టి, రెండో చివర తిప్పామనుకోండి. గీత కొద్దిగా వాలి మరచుట్టులా మారుతుంది. ఆ వాలు షాఫ్ట్ పైపొర మీద అన్నిటికంటే ఎక్కువ. లోపలికి వెళ్లేకొద్దీ అదే నిష్పత్తిలో తగ్గి, సరిగ్గా మధ్య గీత దగ్గర సున్నా అవుతుంది. లోహం ఎంత వాలితే అంతగా ఎదురుతిరుగుతుంది కాబట్టి, దానిలో పుట్టే ప్రతిబలం కూడా అంచు దగ్గర గరిష్ఠంగా, మధ్యలో సున్నాగా ఉంటుంది. అంచులోని ఉక్కు తన శక్తి మేరకు శ్రమిస్తుంటే నడిమధ్యలోని ఉక్కు దాదాపు ఖాళీగా కూర్చుంటుంది.

అది ఒక్కటే అయితే తేడా ఇంత పెద్దది కాకపోను. షాఫ్ట్‌ను ఒకదానిలో ఒకటి ఇమిడిన పలుచని గొట్టాల కట్టగా ఊహించండి. మధ్య నుంచి రెట్టింపు దూరంలో ఉన్న గొట్టంలో ప్రతిబలం రెట్టింపు. చుట్టుకొలత రెట్టింపు కాబట్టి అందులోని లోహమూ రెట్టింపు. పైగా ఆ బలం కేంద్రానికి రెట్టింపు దూరం నుంచి పనిచేస్తుంది కాబట్టి మెలిని ఎదిరించే పట్టు కూడా రెట్టింపు. రెండు, రెండు, రెండు కలిపి హెచ్చిస్తే ఎనిమిది. అంటే బయటి గొట్టం, అంతే మందం ఉన్న లోపలి గొట్టం కంటే ఎనిమిది రెట్ల మెలిని మోస్తుంది. ఇలా మధ్య నుంచి అంచు దాకా అన్ని గొట్టాల వాటానూ కూడితే వ్యాసం నాలుగో ఘాతం వస్తుంది. తీగ మెలికి చూపే నిరోధం దాని వ్యాసపు నాలుగో ఘాతాన్ని అనుసరిస్తుందని ఫ్రెంచి శాస్త్రవేత్త కూలుంబ్ లోహపు తీగలతో ప్రయోగాలు చేసి 1784లోనే తేల్చాడు.

ఈ నాలుగో ఘాతాన్ని నిండు షాఫ్ట్‌కు వర్తింపజేసి చూద్దాం. దాని లోపలి సగం వ్యాసం మేర ఉన్న ఉక్కు మొత్తం బరువులో నాలుగో వంతు. అది మోసే మెలి మాత్రం పదహారో వంతే. ఆ భాగాన్ని తొలిచి పారేస్తే బరువు 25 శాతం తగ్గుతుంది, బలం ఆరు శాతం చిల్లర తగ్గుతుంది.

ఇక్కడ ఒక్కమాట గట్టిగా చెప్పుకోవాలి. బోలు షాఫ్ట్ నిండు షాఫ్ట్ కంటే బలమైనదని కొందరు ముక్తసరిగా చెప్పేస్తారు. అది తప్పు. బయటి వ్యాసం మార్చకుండా రంధ్రం చేస్తే బలం ఎంతో కొంత తగ్గుతుందే తప్ప పెరగదు. లాభమంతా తర్వాతి అడుగులో ఉంది. మధ్యలో తీసేసిన ఉక్కులో కొంత తీసుకెళ్లి అంచు అవతల పెట్టాలి, అంటే గొట్టాన్ని లావు చేయాలి. అప్పుడే తక్కువ ఉక్కుతో అదే మెలిని మోయించగలం.

ఒక లెక్క వేసి చూద్దాం. ఇంజను సుమారు 670 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుందనీ, మొదటి గేరు దాన్ని తొమ్మిది రెట్లు చేస్తుందనీ అనుకుంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద పడే మెలి సుమారు 6,000 న్యూటన్ మీటర్లు. కుదుపులకూ, ఏళ్ల తరబడి సాగే అలసటకూ చాలినంత జాగా వదిలి, ఉక్కు పైపొరలో ప్రతిబలం చదరపు మిల్లీమీటరుకు 100 న్యూటన్లు దాటకూడదని హద్దు పెట్టుకుందాం. బయటి వ్యాసం D, లోపలి వ్యాసం d, హద్దు ప్రతిబలం τ అయితే షాఫ్ట్ మోయగల మెలి ఇది:

T = π τ (D⁴ − d⁴) / (16 D)

నిండు కడ్డీకి d సున్నా. లెక్క కడితే వ్యాసం 67 మిల్లీమీటర్ల పైచిలుకు వస్తుంది. అలాంటి కడ్డీ మీటరుకు 28 కిలోలు తూగుతుంది. ఇప్పుడు బయటి వ్యాసం 100 మిల్లీమీటర్ల గొట్టం తీసుకుందాం. అదే మెలికి, అదే ప్రతిబలానికి లోపలి వ్యాసం 91 మిల్లీమీటర్లు దాటుతుంది, అంటే గోడ మందం నాలుగున్నర మిల్లీమీటర్లు కూడా అక్కర్లేదు. బరువు మీటరుకు పది కిలోల చిల్లర. మీటరున్నర షాఫ్ట్‌లో నిండు కడ్డీ 42 కిలోలైతే గొట్టం పదిహేనున్నర కిలోలకు దగ్గరగా ఉంటుంది. ఉక్కులో 60 శాతానికి పైగా ఆదా అయింది, బలం రవ్వంత కూడా తగ్గలేదు.

బిగువు కూడా పెరిగింది. అదే 6,000 న్యూటన్ మీటర్ల కింద నిండు కడ్డీ మీటరు పొడవుకు రెండు డిగ్రీలకు పైగా మెలిపడితే, గొట్టం ఒకటిన్నర డిగ్రీల లోపే ఆగుతుంది. పైపొరలో ప్రతిబలం రెండింటికీ ఒకటే అయినప్పుడు, లావు ఎక్కువ ఉన్నదే తక్కువ తిరుగుతుంది.

ఇంతవరకూ ఘాట్ ఎక్కే సంగతి. లారీ మైదానానికి వచ్చి టాప్ గేరులో పరుగెత్తితే మెలి తగ్గుతుంది, వేగం పెరుగుతుంది. గంటకు 80 కిలోమీటర్ల దగ్గర ప్రొపెల్లర్ షాఫ్ట్ నిమిషానికి సుమారు 2,500 సార్లు తిరగవచ్చు. పొడవైన షాఫ్ట్ ఒక వేగానికి చేరితే తన బరువులోని చిన్న తేడాలకే విల్లులా వంగి ఊగడం మొదలుపెడుతుంది. పై లెక్కలోని మీటరున్నర నిండు కడ్డీని రెండు చివరలా ఆనించి తిప్పితే ఆ ప్రమాదకర వేగం నిమిషానికి దాదాపు 3,600 చుట్లు. వాడే వేగానికి అది మరీ దగ్గర. గొట్టానికి అది దానికి రెట్టింపు, 7,000 చుట్లకు పైన ఉంటుంది. వంగడానికి ఎదురుతిరిగే శక్తి పెరగడం, ఊగే బరువు తగ్గడం రెండూ ఒకేసారి జరిగాయి కాబట్టే ఇంత తేడా. నా దృష్టిలో ప్రొపెల్లర్ షాఫ్ట్ బోలుగా ఉండటానికి బరువు ఆదా కంటే ఇదే పెద్ద కారణం.

అయితే గొట్టాన్ని ఇంకా లావుగా, ఇంకా పలచగా ఎందుకు చేయరు? 200 మిల్లీమీటర్ల వ్యాసం తీసుకుంటే సూత్రం ప్రకారం గోడ ఒక్క మిల్లీమీటరుకు కాస్త తక్కువే చాలు, బరువు మీటరుకు ఐదు కిలోల లోపే. కాగితం మీద ఇది అద్భుతం. రోడ్డు మీద మాత్రం అంత పలుచని గోడ ప్రతిబలం హద్దుకు చేరకముందే ఏటవాలు ముడతలు పడి నలిగిపోవచ్చు. పై సూత్రానికి ఆ ముడతల సంగతి తెలియదు, గొట్టం చివరి దాకా గుండ్రంగానే ఉంటుందని అది నమ్ముతుంది. చక్రం కింద నుంచి ఎగిరిన రాయి ఒక్క సొట్ట పెట్టినా ఆ నమ్మకం చెదిరిపోతుంది. చివరల్లో షాఫ్ట్‌ను పక్క భాగంతో కలిపే యోక్‌ను వెల్డింగ్ చేయడానికీ గోడలో కాస్త దళసరి కావాలి. పైగా ఛాసిస్ కింద అంత లావు గొట్టానికి చోటూ ఉండాలి.

చోటు మాటకొస్తే యాక్సిల్ షాఫ్ట్ సంగతి తేలిపోతుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ మెలిని డిఫరెన్షియల్ మరో ఆరు రెట్లు చేసి రెండు వైపులా పంచిందనుకుంటే ఒక్కో యాక్సిల్ షాఫ్ట్ మీద మూడింతల మెలి పడుతుంది. కానీ అది ఇరుసు గొట్టంలో, హబ్ మధ్యలోని ఇరుకు దారిలో ఇమడాలి, లావు చేయడానికి వీల్లేదు. బయటి వ్యాసం బిగుసుకుపోయిన చోట రంధ్రం చేస్తే బలం తగ్గుతుందని ముందే చూశాం. అది తిరిగే వేగం కూడా తక్కువే కాబట్టి ఊగుతుందన్న భయం లేదు. అందుకే అక్కడ నిండు ఉక్కు వాడి, ప్రతిబలం గరిష్ఠంగా ఉండే పైపొరను వేడిచేసి చల్లార్చి ప్రత్యేకంగా గట్టిపరుస్తారు.

ఇదే ఘాట్ పైన సునాబెడలో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ కర్మాగారం యుద్ధ విమానాల ఇంజన్లు తయారు చేస్తుంది. రెండు షాఫ్ట్‌ల జెట్ ఇంజన్లలో ఒక బోలు షాఫ్ట్ మధ్య నుంచి మరో షాఫ్ట్ వెళ్తుంది, రెండూ వేర్వేరు వేగాలతో తిరుగుతాయి. బరువు కోసం ఖాళీ చేసిన నడిమి భాగం అక్కడ మరో షాఫ్ట్‌కు దారి అయింది.

షాఫ్ట్ దెబ్బతిన్నప్పుడు అది ఏ తీరున దెబ్బతిన్నదో చూస్తే కారణం తెలుస్తుంది. సుద్దముక్కను మెలితిప్పితే అది 45 డిగ్రీల ఏటవాలుగా, మరచుట్టు ఆకారంలో విరుగుతుంది, ఎందుకంటే పెళుసు పదార్థం లాగుడుకు ఓడిపోతుంది. సాగే గుణమున్న ఉక్కు ఒక్కసారిగా మోయలేని మెలికి గురైతే కోసినట్టు అడ్డంగా, చదునుగా తెగుతుంది. అంతకుముందే షాఫ్ట్ చివర పొడవునా చెక్కిన స్ప్లైన్ పళ్లు నిటారుగా ఉండక మరచుట్టులా వాలి కనిపించవచ్చు. అలా వాలిన షాఫ్ట్ విరగకపోయినా దాని పని అయిపోయినట్టే. అదే ఉక్కు షాఫ్ట్‌లో స్ప్లైన్ మూలలో గానీ, వెల్డింగ్ అంచున గానీ మొదలైన ఏటవాలు పగులు కనిపిస్తే అది ఒక్క దెబ్బతో వచ్చింది కాదు, నెలల తరబడి అలసటతో పెరిగింది. గొట్టం మీద ఏటవాలు ముడత ఉంటే గోడ నలిగిందని అర్థం. ఒక వేగం దగ్గర క్యాబిన్ మొత్తం వణికి, వేగం తగ్గించగానే సర్దుకుంటే గొట్టం మీద సొట్ట ఉందా, సమతూకం కోసం అంటించిన చిన్న రేకు ముక్క ఊడిపోయిందా అని ముందు చూడాలి. సొట్టను సుత్తితో సరిచేయడం, నలిగిన చోట పట్టీ వేసి వెల్డింగ్ చేయడం షెడ్లలో జరిగే పనులే కానీ, ఆ వేడికి గొట్టం వంకరపోతుంది, సమతూకం చెడుతుంది, వెల్డింగ్ అంచున కొత్త పగులుకు చోటు దొరుకుతుంది. గొట్టాన్నే మార్చి, యంత్రం మీద తిప్పి సమతూకం చూసి బిగించడం సరైన పద్ధతి.