ఉగాది పక్కనే రంజాన్, తర్వాత ఎందుకు దూరం?

2024లో ఏప్రిల్ 9న ఉగాది వచ్చింది. రెండు రోజులకే, 11న, హైదరాబాద్‌లో రంజాన్ పండుగ. మరుసటి ఏడు మార్చి 30న ఉగాది, 31న రంజాన్. 2026లోనూ రెండూ ఒకే వారంలో పడ్డాయి. ఉగాది పచ్చడి చేసుకున్న వీధిలోనే ఒకటి రెండు రోజుల తేడాతో షీర్ ఖుర్మా గిన్నెలు అటూ ఇటూ తిరిగాయి. మూడేళ్లు వరసగా ఇలా జరిగేసరికి ఇక ఎప్పుడూ ఇంతేనేమో అనిపిస్తుంది. కానీ 2027లో ఉగాది ఏప్రిల్ 7కి వెళుతుంది, రంజాన్ పండుగ మార్చి రెండో వారంలోనే అయిపోతుంది.

రెండూ చంద్రుణ్ణి చూసి లెక్కపెట్టే పండుగలే. అమావాస్య వెళ్లిన మర్నాడు పాడ్యమి, అది చైత్రంలో వస్తే ఉగాది. ఈ మూడేళ్లూ రంజాన్ నెల ముగిసిందీ ఆ అమావాస్యకే. దాని తర్వాత సన్నని నెలవంక కంటికి కనిపించిన సాయంత్రంతో షవ్వాల్ నెల మొదలవుతుంది, తెల్లవారితే రంజాన్ పండుగ. అమావాస్య గడిచిన కొన్ని గంటలకే నెలవంక కనిపించదు. అది సూర్యుడికి కొంత దూరం జరగాలి, పొద్దు గూకాక కాసేపు ఆకాశంలో నిలవాలి. ఉగాదికీ రంజాన్‌కీ మధ్య ఆ ఒకటి రెండు రోజుల తేడా అందుకే. మరి ఒకే చంద్రుణ్ణి నమ్ముకున్న రెండు పండుగలు ఎందుకు విడిపోతున్నాయి?

ఒక అమావాస్య నుంచి ఇంకో అమావాస్యకు సగటున 29.53 రోజులు. అందుకే చాంద్రమాన నెల ఒకసారి 29 రోజులు, ఒకసారి 30 రోజులు ఉంటుంది. పన్నెండు నెలలు కలిపితే 354.37 రోజులు. భూమి సూర్యుడి చుట్టూ తిరిగి, అదే రుతువు మళ్లీ రావడానికి పట్టేది 365.24 రోజులు. తేడా 10.87 రోజులు. మనం గోడకు తగిలించుకునే క్యాలెండర్ సూర్యుడిది కాబట్టి, పన్నెండు చాంద్ర మాసాలు పూర్తయ్యేసరికి ఆ క్యాలెండర్లో ఏడాది నిండడానికి ఇంకా దాదాపు పదకొండు రోజులు మిగిలే ఉంటాయి. అన్ని రోజులు ముందే పండుగ వచ్చేస్తుంది.

హైదరాబాద్‌లో రంజాన్ పండుగ తేదీలు చూస్తే ఇది కళ్లకు కడుతుంది. 2021లో మే 14, 2022లో మే 3, 2023లో ఏప్రిల్ 22, 2024లో ఏప్రిల్ 11, 2025లో మార్చి 31. ప్రతిసారీ సరిగ్గా పదకొండే. అయితే ఇందులో ఒక చిన్న సంగతి దాగి ఉంది. 2024లో ఫిబ్రవరి 29 వచ్చింది కదా, ఆ ఏడు పన్నెండు రోజులు వెనక్కి రావాలి. రాలేదు. ఎందుకంటే 2023 పండుగకూ 2024 పండుగకూ మధ్య 354 కాదు, 355 రోజులు గడిచాయి. అటు ఒక రోజు పెరిగితే ఇటూ ఒక రోజు పెరిగింది. రెండూ ఇలా కలిసిరాని సంవత్సరాల్లో జరుగుడు పది రోజులో, పన్నెండు రోజులో అవుతుంది. షాబాన్, రంజాన్ నెలల్లో 29వ నాటి సాయంత్రం జనం మిద్దెలెక్కి పడమటి దిక్కు చూడటం, నెలవంక కనిపించిందో లేదో తేల్చే రుయత్-ఎ-హిలాల్ కమిటీ ప్రకటన కోసం ఎదురుచూడటం ఆ ఒక్క రోజు తేల్చుకోవడానికే. నెలవంక కనబడకపోతే ముప్పై రోజులు పూర్తి చేస్తారు.

ఈ పదకొండు రోజుల వెనకబాటు మన పంచాంగానికీ ఉంది. 2021లో ఏప్రిల్ 13న వచ్చిన ఉగాది 2022లో ఏప్రిల్ 2కి, 2023లో మార్చి 22కి జరిగింది. అక్కడిదాకా అచ్చం రంజాన్ లాగే. 2023లో ఉగాది వెళ్లిన రెండు రోజులకు రంజాన్ ఉపవాసాలు మొదలయ్యాయి, అంటే చైత్రమూ రంజాన్ నెలా దాదాపు కలిసి నడిచాయి. ఆ ఏడాదే జులై, ఆగస్టుల్లో అధిక శ్రావణం వచ్చింది. ఆ పదమూడో నెల వల్ల శోభకృత్ సంవత్సరం 384 రోజులు సాగింది, తర్వాతి ఉగాది ఏప్రిల్ 9కి ముందుకు దూకింది. ముస్లింల క్యాలెండరైన హిజ్రీ లెక్కలో ఆ అదనపు నెల లేదు. దాంతో చైత్రానికి ఈసారి జత కుదిరింది రంజాన్ నెలతో కాదు, దాని తర్వాతిదైన షవ్వాల్‌తో. ఉపవాసాల మొదటి రోజు ఉన్నచోటికి పండుగ రోజు వచ్చి చేరింది.

ఏ చాంద్ర మాసంలో సూర్యుడు రాశి మారడో దాన్ని పంచాంగం అధిక మాసంగా పెడుతుంది. దాదాపు 32, 33 నెలలకొకసారి వచ్చే ఆ నెల వల్లే ఉగాది వసంతాన్ని విడిచి పోదు. అరబ్బులకు ఈ ఉపాయం తెలియక కాదు. ఇస్లాంకు ముందు అక్కడ నసీ అనే ఆచారం ఉండేది. నెలల్ని వెనక్కి నెట్టడం, అదనపు నెల చేర్చడం దానిలో భాగమని చాలామంది పండితులు చెబుతారు. అయితే యుద్ధం నిషిద్ధమైన పవిత్ర మాసాలను అవసరం కొద్దీ జరపడానికీ అది పనికొచ్చింది. నెలల సంఖ్య పన్నెండేనని, నసీ తప్పని ఖురాన్ తొమ్మిదో సూరాలో స్పష్టంగా ఉంది. అప్పటినుంచి హిజ్రీ నెలలు రుతువులతో ముడి తెంచుకున్నాయి. ఆ ముడి జాడ మాత్రం పేర్లలో మిగిలింది. రంజాన్ అన్న మాటకు మూలం మాడ్చే ఎండ, రబీ ఉల్ అవ్వల్ నెల పేరులోని రబీ అంటే వసంతం. ఇప్పుడు ఆ రంజాన్ చలికాలంలోనూ వస్తుంది.

ఉపవాసానికి ఇది ఇబ్బంది కాదు. నా లెక్కలో ఇదే న్యాయం. నెల ఎండాకాలంలోనే పాతుకుపోతే ఎప్పటికీ ఉత్తరాది దేశాలవాళ్లకు పొడుగు పగళ్లు, దక్షిణార్ధగోళంవాళ్లకు పొట్టి పగళ్లు దక్కేవి. తిరుగుతోంది కాబట్టి, సుమారు 33 ఏళ్లలో ఎవరికైనా అన్ని కాలాల రోజాలూ వస్తాయి.

ఇబ్బంది పడింది శిస్తు వసూలు చేసేవాళ్లు. పంట సూర్యుణ్ణి బట్టి పండుతుంది. 32 పంటలు ఇంటికి చేరేసరికి హిజ్రీలో 33 సంవత్సరాలు గడిచిపోతాయి. పండని పంటకు రైతు శిస్తు ఎక్కడినుంచి తెస్తాడు? అందుకే మొగలులు ఫసలీ సంవత్సరం పెట్టారు. ఫసల్ అంటే పంట. దక్కనులో షాజహాన్ కాలంలో, 1636లో, అప్పటి హిజ్రీ అంకె 1046నే తీసుకుని, అక్కడినుంచి సూర్యుడి లెక్కన నడిపించారు. మన రెవెన్యూ రికార్డుల్లో, పాత పహాణీల్లో, జమాబందీలో కనిపించే ఫసలీ ఇదే. 2024 జులైలో ఫసలీ 1434 మొదలైంది. అదే నెలలో హిజ్రీ 1446 కూడా మొదలైంది. ఒకే అంకెతో బయలుదేరిన రెండు లెక్కలు 388 ఏళ్లలో పన్నెండేళ్లు ఎడమయ్యాయి. ఏడాదికి పదకొండు రోజుల చొప్పున పోగైన తేడా అది. సర్వే నంబరు వెతకడానికి పాత పహాణీ తీసినప్పుడు ఆ అంకెను హిజ్రీ అనుకుంటే పన్నెండేళ్ల దాకా పొరబాటు పడతాం.

ఈ తిరుగుడు ఇంకో వింత కూడా చూపిస్తుంది. 2030 జనవరిలో రంజాన్ నెల వస్తుంది, అదే సంవత్సరం డిసెంబరు చివర్లో మళ్లీ మొదలవుతుంది. ఇంతకుముందు 1997లోనూ అలాగే జరిగింది. ఇక ఉగాది, రంజాన్ పండుగ పక్కపక్కన రావడం 2024 కంటే ముందు 1992, 93లలో చూశాం. 2026 వేసవిలోని అధిక జ్యేష్ఠం ఆ రెంటినీ విడదీసింది. ఇకమీదట వచ్చే ప్రతి అధిక మాసమూ ఇంకో నెల దూరం పెంచుతూ పోతుంది. 2026 నాటిదాన్నీ కలుపుకుని అలాంటివి పన్నెండు వచ్చి చుట్టు పూర్తయ్యాక, 2050ల చివర్లో, ఉగాది వెళ్లిన సాయంత్రాల్లో మళ్లీ షవ్వాల్ నెలవంక కోసం వెతుకుతారు.