అపోహలు – వాస్తవాలు: ఒక్కరే ఉన్న మందుల షాపులో మధ్యాహ్నం భోజనానికి షట్టర్ దించొచ్చా?

పోయిన నెలలో ఒక చెల్లెలు ఫోన్ చేసింది. బీఫార్మసీ అయ్యాక మొదటి ఉద్యోగం, ఊళ్లో చిన్న మెడికల్ షాపు, పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా ఒక్కతే. "అన్నా, అన్నం తినడానికి పది నిమిషాలు షట్టర్ దించితే లైసెన్స్ క్యాన్సిల్ అవుతుందట, నిజమేనా?" అని అడిగింది. పదహారేళ్లుగా ఈ కౌంటర్ల వెనకే ఉన్నాను. ఈ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. ఎవరు పుట్టించారో తెలియని ఈ మాటను నమ్మి, పిల్లలు తిండి మానేసి నిలబడుతున్నారు. అందుకే ఈ ఒక్కదాని గురించి వివరంగా రాస్తాను. మిగతావి చివర్లో గబగబా చెప్పేస్తాను.

అపోహ: షాపు తెరిచాక రాత్రి మూసే దాకా షట్టర్ దించకూడదు. దించితే లైసెన్స్ పోతుంది. కాబట్టి ఫార్మసిస్టు తింటున్నంతసేపు హెల్పర్‌నో, ఓనర్ బావమరిదినో కౌంటర్‌లో కూర్చోబెట్టాలి.

వాస్తవం సరిగ్గా దీనికి తలకిందులు. 1945 నాటి డ్రగ్స్ రూల్స్‌లో 65వ రూల్ చదవండి. డాక్టర్ చీటీ మీద ఇచ్చే మందు రిజిస్టర్డ్ ఫార్మసిస్టు చేతుల మీదుగా గానీ, ఆయన స్వయంగా దగ్గరుండి చూస్తుండగా గానీ ఇవ్వాలని అందులో ఉంది. భోజనానికి అరగంట మూయకూడదని ఎక్కడా లేదు. మూసి ఉన్న షాపులో మందు అమ్మరు కాబట్టి ఈ రూల్ తప్పే అవకాశమే లేదు. ఫార్మసిస్టు లేకుండా తెరిచి ఉన్న షాపుకే ప్రమాదం.

నాకు తెలిసిన ఒక షాపులో జరిగిన సంగతి చెబుతాను. మధ్యాహ్నం రెండింటికి ఫార్మసిస్టు ఇంటికి భోజనానికి వెళ్లాడు. వాళ్ల బంధువుల కుర్రాడు కౌంటర్‌లో కూర్చుని ఎవరికో యాంటీబయాటిక్ ఇస్తున్నాడు. అప్పుడే డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వచ్చారు. గోడ మీద సర్టిఫికెట్ ఉంది, మనిషి లేడు. షోకాజ్ నోటీసు వచ్చింది, జవాబు రాసుకోవాల్సి వచ్చింది, తర్వాత కొన్నాళ్లు లైసెన్స్ సస్పెండ్ అయింది. అదే అరగంట తాళం వేసి ఉంటే ఆయన తాళం చూసి వెళ్లేవారు, లేదా బోర్డు మీద ఉన్న టైమ్‌కి మళ్లీ వచ్చేవారు. "పోయిన బేరం రెండు వందలు కూడా ఉండదు గదా" అని ఆ ఓనర్ తర్వాత నా దగ్గర తల పట్టుకున్నాడు.

ఇంకో మాట కూడా వింటుంటాను. "ఫోన్‌లో ఉంటాను, ఏం ఇవ్వాలో చెబుతాను, వీడియో కాల్ చేసి స్ట్రిప్ చూపించు" అంటారు. దగ్గరుండి చూడడం అంటే ఫోన్‌లో ఉండడం కాదు. డైపర్లు, సబ్బులు, టూత్‌పేస్టు లాంటివి హెల్పర్ అమ్మితే గొడవ లేదు. కానీ వాటి కోసమని తెరిచి ఉంచితే పక్క ర్యాక్‌లోని మందు అడిగే మనిషిని కాదనడం ఆ పిల్లాడి తరం కాదు. నేనైతే పూర్తిగా మూసేయమనే చెబుతాను.

మళ్లీ ఆ చెల్లెలి విషయానికి వస్తాను. వాళ్ల ఓనర్ కూడా రిజిస్టర్డ్ ఫార్మసిస్టే, నాలుగింటికి వచ్చి రాత్రి షిఫ్ట్ చూసుకుంటారు. మనిషి మంచివాడే, భయమల్లా బేరం పోతుందని. అందుకని నేను ముందు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో గంటల వారీ రిపోర్ట్ తీయమన్నాను. రెండు వారాల బిల్లులు చూశాం. పక్క వీధిలో క్లినిక్ ఓపీ పది నుంచి ఒంటిగంటన్నర దాకా ఉంటుంది. చివరి పేషెంటు మందులు తీసుకుని వెళ్లేసరికి రెండవుతుంది. రెండు నుంచి మూడు మధ్య రోజుకు సగటున నాలుగు బిల్లులే, అందులోనూ సగం నెలవారీ బీపీ, షుగర్ మందులు. అంటే వాళ్లు ముందు రావచ్చు, తర్వాతా రావచ్చు. రెండుంపావు నుంచి మూడింటి దాకా, ముప్పావు గంట మూద్దామని ఖాయం చేసుకున్నాం.

బోర్డు మీద ఏం రాయాలన్న దగ్గర చాలామంది పొరపాటు చేస్తారు. "ఇప్పుడే వస్తాను" అని రాస్తే బయట నిలబడ్డ మనిషికి ఆ 'ఇప్పుడే' ఎప్పుడు మొదలైందో తెలియదు. అయిదు నిమిషాలు చూసి షట్టర్ కొట్టడం మొదలుపెడతాడు. "భోజన విరామం 2.15 నుంచి 3.00. మందులు 3 గంటలకు ఇస్తాం" అని రాయాలి. కింద ఓనర్ నంబర్ వేయాలి, తినే మనిషి నంబర్ వేయకూడదు. లేకపోతే షట్టర్ మోగడం ఆగి ఫోన్ మోగడం మొదలవుతుంది. క్లినిక్‌లో కాంపౌండర్‌కి, సరుకు తెచ్చే డిస్ట్రిబ్యూటర్ మనిషికి ఈ టైమ్ ముందే చెప్పాలి. సరుకు రెండున్నరకు దిగితే ఇన్‌వాయిస్ చూసుకోవడం, బ్యాచ్ నంబర్లు సరిచూడడం, ఇన్సులిన్‌ను ఫ్రిజ్‌లో పెట్టడం అన్నీ అన్నం ముద్ద చేతిలో ఉండగానే మీద పడతాయి.

సగం షట్టర్ దించి లోపల తినడం అందరూ చేసే పని, దాంతో ఏ ఉపయోగమూ లేదు. కింద సందులోంచి వంగి "అమ్మా, ఒక్క జ్వరం గోలీ" అంటారు. లేచి ఇస్తే రేపటి నుంచి అందరూ వంగుతారు. షట్టర్ పూర్తిగా దించాలి, ముందు లైట్ ఆపాలి, క్యాష్ డ్రాయర్‌కి తాళం వేయాలి. వెనక గది ఉంటే అక్కడ కూర్చోవాలి. ఫ్రిజ్ ప్లగ్ మాత్రం లైట్ స్విచ్‌తో కలిసి ఉందేమో చూసుకోండి. ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మెయిన్ కట్టేసి రోజూ ముప్పావు గంట ఫ్రిజ్ ఆపేసిన మహానుభావుణ్ణి నేను చూశాను.

మరి ఆయాసంతో ఇన్‌హేలర్ కోసం ఎవరైనా పరుగెత్తుకొస్తే? ఆ చెల్లెలికి ఎక్కువ టెన్షన్ దీని గురించే. షట్టర్ పక్కన కాలింగ్ బెల్ పెట్టించాం, దాని మీద "అత్యవసరానికి మాత్రమే" అని రాయించాం. బెల్ మోగితే లేవాలి. చీటీ చూసి తనే ఇవ్వాలి, పరిస్థితి బాగా లేదనిపిస్తే 108కి చేయాలి. లేచిన టైమ్ ఒక నోట్‌బుక్‌లో రాసుకుని, పోయిన నిమిషాలు మూడింటి తర్వాత కలుపుకోవాలి. ఓనర్ దీనికి ఒప్పుకున్నారు. మొదటి వారంలో బెల్ మూడుసార్లు మోగింది. ఒకటి నిజంగా ఇన్‌హేలర్ కోసం, రెండు కొబ్బరినూనె కోసం. కొబ్బరినూనె వాళ్లకు బోర్డు చూపించి పంపేసింది. నోట్‌బుక్‌తో ఇంకో పని కూడా ఉంది. వారంలో అయిదు రోజులూ బెల్ మోగితే మనం పెట్టుకున్న టైమ్ తప్పన్నమాట, మళ్లీ బిల్లుల రిపోర్ట్ తీసి జరపాలి.

ఈ పద్ధతి అన్నిచోట్లా పనికిరాదు. ఆసుపత్రి లోపలి ఫార్మసీ, ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉంటుందని బోర్డు పెట్టుకున్న షాపు మూయలేవు. అక్కడ ఇంకో రిజిస్టర్డ్ ఫార్మసిస్టును పెట్టుకోవడం తప్ప దారి లేదు.

అపోహ: గిరాకీ లేనప్పుడు కూర్చునే ఉంటారుగా, అదే బ్రేక్.

ఈ మాట అనే ఓనర్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఎవరైనా వస్తే లేవాల్సిన కూర్చోవడం డ్యూటీయే. ఉద్యోగంలో కొత్తలో నేనూ అలాగే తినేవాణ్ణి, రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కుని ఒక బిల్లు, మళ్లీ రెండు ముద్దలు. ఒకరోజు అలా నాలుగింటి దాకా తిండి పూర్తి కాలేదు. గ్లిమెపిరైడ్ 1 మిల్లీగ్రాము రాసిన పెద్దాయనకు 2 మిల్లీగ్రాముల స్ట్రిప్ ఇచ్చేశాను. సాయంత్రం స్టాక్ చూస్తుంటే 2లో ఒక స్ట్రిప్ తక్కువ, 1లో ఒకటి ఎక్కువ వచ్చింది. బిల్లు మీది నంబర్‌కి ఫోన్ చేసి సైకిల్ మీద పరుగెత్తాను. రాత్రి భోజనానికి ముందు వేసుకుందామని ఆయన అప్పుడే స్ట్రిప్ చింపుతున్నాడు. షుగర్ పడిపోతే నిద్రలో ఎవరికీ తెలిసేది కాదు. ఆ తర్వాత నేను తింటూ ఏ మందూ ఇవ్వలేదు.

చట్టం సంగతి కూడా చెప్పాలి. మన రెండు రాష్ట్రాల దుకాణాల చట్టానికి మూలం 1988 నాటిది. అయిదు గంటలు పని చేశాక కనీసం గంట విశ్రాంతి ఇవ్వాలని అందులో రాసుకున్నారు. ఈ గంటల మీద తర్వాత మార్పులు జరిగాయి, కాబట్టి ఇవాళ్టి అంకె లేబర్ ఆఫీసులో అడిగి రాయించుకోండి. ఒక్కరే ఉన్నారు కాబట్టి విశ్రాంతి అక్కర్లేదనే వెసులుబాటు మాత్రం ఓనర్ నోటిమాటతో రాదు.

అపోహ: నీళ్లు తక్కువ తాగితే బాత్రూమ్ సమస్య ఉండదు.

ఆడపిల్లలు ఇలాగే యూరిన్ ఇన్ఫెక్షన్లు తెచ్చుకుని, మన షాపులోనే నైట్రోఫ్యురాంటోయిన్ కొనుక్కుంటున్నారు. షాపులో టాయిలెట్ లేకపోతే పక్క షాపు వాళ్లతో ఓనరే మాట్లాడి పెట్టాలి, ఉద్యోగంలో చేరేముందే ఈ సంగతి అడగండి. దానికీ పద్ధతి ఒకటే. అద్దం తలుపుకు తాళం, "5 నిమిషాల్లో, 11.20కి" అని పలక మీద సుద్దతో రాయడం. కౌంటర్‌లో ఎవరైనా ఉంటే "అమ్మా, అయిదు నిమిషాలు బయట కూర్చోండి" అని చెప్పి వెళ్లాలి, వాళ్లను లోపల వదిలి వెళ్లకూడదు.

పెట్రోల్ బంకు వాళ్లు కూడా అడిగారు, రెండు ముక్కల్లో చెబుతాను. మా తమ్ముడు హైవే మీద రాత్రి షిఫ్ట్ చేస్తాడు, చాలాసార్లు ఒక్కడే. వాడి పద్ధతి ఇది: నాజిల్స్ హోల్డర్‌లో పెట్టి, డిస్పెన్సర్ల కరెంటు లోపలి నుంచి ఆపి, దారికి అడ్డంగా కోన్లు పెట్టి, క్యాష్ లోపల తాళం వేసి, అప్పుడు తింటాడు. కోన్లు లేకుండా కరెంటు ఒక్కటే ఆపితే లారీ వచ్చి పంపు దగ్గర నిలబడి హారన్ కొడుతుందట. ట్యాంకర్ దిగుతున్నప్పుడు మాత్రం టీ కూడా తాగడు. గొట్టం కలిపి ఉన్నంతసేపు దాని పక్కన మనిషి ఉండాల్సిందే. అందుకే ట్యాంకర్ వస్తుందని ఫోన్ రాగానే ముందు టిఫిన్ డబ్బా విప్పుతాడు.