లొకేషన్ రిలీజ్: కొట్టులో షూటింగ్‌కి ఒప్పుకునే ముందు

అపోహ: లొకేషన్ రిలీజ్, అంటే షూటింగ్‌కి చోటు వాడుకోవచ్చనే అనుమతి పత్రం మీద, కొట్టు నడిపేవారు సంతకం పెడితే చాలు.

వాస్తవం: అద్దె కొట్టయితే రెండు సంతకాలు కావాలి. సరుకు, కౌంటరు, బోర్డు కొట్టు నడిపేవారివి. గోడలు, మెట్లు, డాబా ఇంటి యజమానివి. పైగా ఏ పనికోసం అద్దెకు తీసుకున్నారో ఆ పనికే వాడాలని ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ అంటుంది. కిరాణా వ్యాపారానికని రాసుకున్న అద్దె ఒప్పందంలో షూటింగ్ ఉండదు కదా! డాబా మీద లైటు చూసి మధ్యాహ్నం యజమాని వచ్చి ఆపమంటే, సగం తీసిన సీను అక్కడే ఆగిపోతుంది. అందుకే డోర్ నంబరుతో పాటు ఏ గది, ఏ మెట్లు, డాబా ఉందా లేదా, ఫీజులో ఎవరికెంత అన్నది రాసి, ఇద్దరితోనూ సంతకం పెట్టించాలి.

అపోహ: ఒక్కరోజు షూటింగ్ అంటే ఒక్కరోజే.

వాస్తవం: ఎక్కువ గొడవలు పుట్టేది ఇక్కడే. మంగళవారం ఉదయం 6 నుంచి రాత్రి 9 దాకా షూటింగ్ అనుకుందాం. ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్లు సోమవారం సాయంత్రమే వచ్చి బోర్డు మార్చి, ర్యాకులు ఖాళీ చేస్తారు. బుధవారం పొద్దున అన్నీ మళ్లీ సర్దాలి. అంటే కొట్టుకి మూడు రోజుల్లోనూ బేరం దెబ్బతింటుంది, ఫీజు మాత్రం ఒక రోజుకే మాట్లాడుకుని ఉంటారు. కాగితంలో ఇలా రాయండి: "సోమవారం సాయంత్రం 5 గంటల నుంచి బుధవారం ఉదయం 10 గంటల వరకు. ఆపైన ప్రతి గంటకు ఇంత." ఖాళీల్లో తేదీలు, అంకెలు నింపాకే సంతకం. ప్యాచ్‌వర్క్‌కి, అంటే మిగిలిపోయిన చిన్న షాట్లు తీయడానికి, మళ్లీ రావాల్సివస్తే ఎన్నాళ్లలోపు, ఎంతకు అన్నదీ అప్పుడే తేల్చుకోవాలి.

సామాను కదపకముందే ఒక్కో ర్యాకుకీ, గోడకీ, ఫ్రిజ్ తలుపుకీ ఫోటో తీసి కాగితానికి జతచేయండి. ఏదైనా పాడైతే అని నిర్మాత కట్టిన డిపాజిట్ తిరిగిచ్చేటప్పుడు గీత పాతదా కొత్తదా అన్న వాదన ఆ ఫోటోతోనే తీరుతుంది.

అపోహ: సినిమా విడుదలయ్యాక డబ్బులిస్తామన్నా ఫర్వాలేదు.

వాస్తవం: తీసిన దృశ్యం వాడాలన్న నిర్బంధం తమకు లేదని నిర్మాత రాయించుకుంటారు. అది న్యాయమే, ఎడిటింగ్‌లో ఏది పోతుందో ఎవరూ చెప్పలేరు. థియేటర్, టీవీ, ఓటీటీ, ట్రైలర్ అన్నింటికీ, కాలపరిమితి లేకుండా అనుమతి అడగడమూ మామూలే. కాబట్టి ఫీజును విడుదలకు కాకుండా షూటింగ్ రోజుకు ముడిపెట్టాలి. సీనులో కల్తీ సరుకు అమ్మే కొట్టుగా చూపిస్తారా అని ముందే అడగండి. అలాంటిదైతే బోర్డు మీది పేరు, ఫోన్ నంబరు, జీఎస్టీ నంబరు కనిపించకూడదని ఒక వాక్యం చేర్చండి.

అపోహ: ప్రభుత్వ భవనానికి అక్కడున్న ఉద్యోగి ఒప్పుకుంటే సరే.

వాస్తవం: శాఖా గ్రంథాలయంలో తీయాలంటే లైబ్రేరియన్ మాట సరిపోదు, జిల్లా గ్రంథాలయ సంస్థ నుంచి రాతపూర్వక అనుమతి కావాలి. అదొచ్చినా భవనానికే వర్తిస్తుంది. పేపరు చదువుకుంటున్న పెద్దాయన ముఖం గుర్తుపట్టేలా పడితే ఆయన సమ్మతి పత్రం విడిగా తీసుకోవాలి.