పావురం తల వెనక్కి వెళ్లదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

అపోహ: నడిచేటప్పుడు పావురం తల ముందుకీ వెనక్కీ ఊగుతుంది.

జంతువుల చూపు గురించి పాఠం చెప్పే ప్రతి ఏడాదీ తరగతిలో ఈ మాట వింటాను. పిల్లలు చేతితో చేసి మరీ చూపిస్తారు. ముందుకి, వెనక్కి, ముందుకి, వెనక్కి. చూసినవాళ్లెవరికైనా అలాగే అనిపిస్తుంది కాబట్టి వాళ్లను తప్పు పట్టలేం. కానీ నేల మీద ఒక గుర్తు పెట్టుకుని చూస్తే, నడుస్తున్న పావురం తల వెనక్కి రావడమనేదే ఉండదు. తల ఒక్కసారిగా ముందుకు దూకి గాలిలో మేకు కొట్టినట్టు ఆగిపోతుంది. ఈలోగా ఒళ్లు నింపాదిగా నడుచుకుంటూ వచ్చి తలను అందుకుంటుంది. అది అందేసరికి తల మళ్లీ దూకుతుంది. మన కళ్లు పావురం ఒంటిని వెంబడిస్తుంటాయి కాబట్టి, ఆగిన తల వెనక్కి జారినట్టు కనిపిస్తుంది. సినిమా ఫిల్ము తీసి, ఒక్కో బొమ్మనూ పరిశీలించి డన్లప్, మౌరర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1930లోనే ఈ సంగతి తేల్చారు.

ఇప్పుడు ఫిల్ము కూడా అక్కర్లేదు, ఫోన్ చాలు. మక్కా మసీదు ముందు జొన్నలు చల్లే చోటో, మొజంజాహి మార్కెట్ దగ్గరో, పావురాలు నింపాదిగా నడిచే చోటు చూసుకోండి. ఫోన్‌ను గోడకో సంచికో ఆనించి, పావురం అడ్డంగా, అంటే ఎడమ నుంచి కుడికి వెళ్లేలా, స్లో మోషన్‌లో తీయండి. చాలామంది ఇక్కడే చెడగొట్టుకుంటారు. పావురంతో పాటు ఫోన్ కూడా తిప్పుతారు. అప్పుడు మన కంటికి జరిగిన మోసమే వీడియోకీ జరుగుతుంది. ఫోన్ కదలకూడదు. వెనకాల రాతి పలకల అతుకుగీతలు కనబడితే ఇంకా మంచిది, ముక్కు కొసను వాటితో పోల్చుకోవచ్చు.

ఒక లెక్క వేద్దాం. పావురం సెకనుకు 40 సెంటీమీటర్ల వేగంతో, సెకనుకు 6 అడుగులు వేస్తూ నడుస్తోందనుకోండి. అడుగుకొక తల దూకుడు. సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోన్‌లో ఒక్కో దూకుడికి 40 ఫ్రేములు వస్తాయి. వాటిలో 24 ఫ్రేముల దాకా ముక్కు కొస ఒకే చోట ఉందనుకుంటే, ఆ సెకనులో పదో వంతు సమయంలో ఒళ్లు 4 సెంటీమీటర్లు ముందుకు జరిగిపోతుంది. మిగిలిన 16 ఫ్రేముల్లో తల దాదాపు 7 సెంటీమీటర్లు దాటాలి. అంటే ఒంటికి రెండున్నర రెట్ల వేగంతో దూకాలి. మనకు వెనక్కి ఊగినట్టు కనిపించేది ఆ 4 సెంటీమీటర్లే.

అపోహ: అది కాళ్ల కోసం, బ్యాలెన్స్ కోసం.

తల దూకుడు అడుగులతో జత కలిసి ఉంటుంది కాబట్టి ఈ అనుమానం సహజమే. దీన్ని తేల్చడానికి కాళ్లనూ చూపునూ విడదీసి చూడాలి. కెనడాలోని క్వీన్స్ యూనివర్సిటీలో బ్యారీ ఫ్రాస్ట్ సరిగ్గా ఆ పనే చేశాడు. ఆయన ఫలితాలు 1978లో వచ్చాయి. పావురాన్ని ట్రెడ్‌మిల్ మీద నడిపించాడు. కాళ్లు మామూలుగానే ఆడుతున్నాయి, కానీ పావురం ఉన్నచోటే ఉంది కాబట్టి చుట్టూ ఉన్న దృశ్యం కదలడం లేదు. తల దూకుడు ఆగిపోయింది. బ్యాలెన్స్ కోసమే అయితే ట్రెడ్‌మిల్ మీదా తల దూకాలి కదా. అంతకు మూడేళ్ల ముందు, 1975లో, ఫ్రీడ్‌మన్ అనే శాస్త్రవేత్త గువ్వల మీద చేసిన పని దీనికి అవతలి వైపు. కాళ్లు కదలకపోయినా చుట్టూ ఉన్న దృశ్యం కదిలితే తల దానితో పాటు కదిలింది.

నాటుకోడిని రెండు చేతుల్లో పట్టుకుని మెల్లగా ముందుకీ వెనక్కీ జరిపి చూడండి. ఒళ్లు మీ చేతులతో పాటు వస్తుంది, తల మాత్రం ఉన్నచోటే నిలబడిపోతుంది. అందులో చెవి లోపలి సమతుల్యతా అవయవానికీ కొంత వాటా ఉంది కాబట్టి పావురం నడకకు ఇది పూర్తి సాక్ష్యం కాదు. తలను నిలపడంలో పక్షుల మెడకు ఎంత నేర్పు ఉందో మాత్రం చేతికే తెలుస్తుంది.

ఇంతకీ తలను ఎందుకు నిలపాలి? పావురం కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. నడుస్తుంటే పక్కన ఉన్నదంతా వెనక్కి పారిపోతుంటుంది. పై లెక్కలోని వేగంతోనే, సరిగ్గా పక్కన 20 సెంటీమీటర్ల దూరంలో పడి ఉన్న జొన్నగింజ సెకనుకు సుమారు 115 డిగ్రీల చొప్పున కంటి ముందు నుంచి జారిపోతుంది. రెండు మీటర్ల అవతల ఉన్నది 11 డిగ్రీలే జారుతుంది. అంటే తినాల్సిన గింజే అన్నిటికంటే ఎక్కువగా చెదిరిపోతుంది. అదే తల ఆగిన ఆ పదో వంతు సెకను పాటు గింజ రెటీనా మీద నిలుస్తుంది. పైగా లోకమంతా నిలిచి ఉన్న ఆ క్షణంలో ఏదైనా కదిలిందంటే అది నిజంగా కదిలినదే. అది పిల్లి కావచ్చు.

మనమూ ఈ పని చేస్తాం, కాకపోతే మెడతో కాదు. అమీర్‌పేట నుంచి మియాపూర్ వెళ్లే మెట్రోలో, కిటికీలోంచి బయటకు చూస్తున్న వాళ్ల కళ్లను గమనించండి (మరీ గుచ్చి చూడకండి, బాగుండదు). నల్లగుడ్డు ఒక స్తంభాన్ని పట్టుకుని మెల్లగా జరుగుతుంది, ఠక్కున వెనక్కి గెంతి ఇంకోదాన్ని పట్టుకుంటుంది. మన కంటిగుడ్డు గుంతలో సులువుగా తిరుగుతుంది. పక్షుల కళ్లు తలతో పోలిస్తే చాలా పెద్దవి, గుంతలో బిగుసుకుని ఉంటాయి. అవి అసలే తిరగవని కాదు గానీ, తేలికైన తలను పొడవైన మెడ మీద జరపడమే వాటికి సులువు.

అపోహ: తల దూకే క్షణంలో పావురానికి ఏమీ కనబడదు.

దూకే సమయం వృథా పోతుందని పాఠ్యపుస్తకాల్లోనూ చదివాను. ఆ క్షణంలో చూపించిన బొమ్మలను కూడా పావురాలు గుర్తుపట్టగలవని ప్రయోగాలు చూపించాయి. దూకుడుకు ఇంకో ఉపయోగం ఉండొచ్చు కూడా. తల జరిగినప్పుడు దగ్గరి వస్తువు ఎక్కువగా, దూరపు వస్తువు తక్కువగా స్థానం మారుతుంది. రెండు కళ్లకూ కలిపి కనిపించే భాగం తక్కువగా ఉన్న పక్షికి దూరాల అంచనా ఇలా కూడా దొరుకుతుంది.

అపోహ: కళ్లు పక్కలకున్న ప్రతి పక్షీ ఇలాగే నడుస్తుంది.

కోళ్లు, కొంగలు తల దూకిస్తూ నడుస్తాయి. బాతులకూ కళ్లు పక్కలకే ఉంటాయి, కానీ సాధారణంగా అవి తల దూకించవు. కాబట్టి కళ్ల స్థానం ఒక్కటే కారణమని సరిపెట్టుకోలేం. మేత ఎలా వెతుకుతుంది, ఎంత వేగంగా నడుస్తుంది అన్నవీ లెక్కలోకి వస్తాయి. పావురం కూడా వేగంగా పరిగెత్తేటప్పుడు తలను ఆపడం మానేస్తుంది.

ఇక చివరి తికమక. మెడ ఉబ్బించి, గుండ్రంగా తిరుగుతూ, కూకూమంటూ ఆడపావురం ముందు మగది తల వంచుతుంది చూశారా, అది వేరే వ్యవహారం. అందులో తల కిందికీ పైకీ పోతుంది, అడుగుకొక దూకుడనే లెక్కా ఉండదు. ఫోన్‌లో తీసేటప్పుడు జంటలను వదిలేసి, ఒంటరిగా గింజలు ఏరుకుంటున్న దాన్నే ఎంచుకోండి.