మెంతులు, ధనియాలు, పల్లీలు చేదెక్కకుండా వేయించడం: అపోహలు - వాస్తవాలు

పొడులు తయారు చేసి అమ్మడం నా వృత్తి. పొడి చేదుగా వచ్చిందని చెప్పేవారిలో ఎక్కువ మంది సరుకును అనుమానిస్తారు. కానీ వారు ఎలా వేయించారో అడిగి తెలుసుకుంటే, తప్పు చాలాసార్లు సెగలోనో, పొయ్యి ఆపిన తరువాతి రెండు నిమిషాల్లోనో బయటపడుతుంది. సాంబారు పొడిని ఉదాహరణగా తీసుకుని నేను తరచుగా వినే అపోహలను ఇక్కడ వివరిస్తాను.

అపోహ: మంట పెద్దదిగా పెట్టి గరిటె ఆపకుండా తిప్పితే త్వరగా వేగుతాయి, మాడవు.

వాస్తవం: గింజ పైభాగానికి సెగ వెంటనే తగులుతుంది, కానీ లోపలికి చేరడానికి సమయం పడుతుంది. లోపల తేమ ఉన్నంతవరకు గింజ కరకరలాడదు, పచ్చివాసన పోదు. మంట పెద్దదైతే లోపలి తేమ పోయేలోపే పైపొర నల్లబడి చేదెక్కుతుంది. గరిటె తిప్పడం వల్ల సెగ గింజలన్నిటికీ సమంగా పంచబడుతుందే తప్ప, మూకుడు వేడి తగ్గదు. గింజలోని చక్కెరలు, మాంసకృత్తులు సుమారు 140 డిగ్రీల సెల్సియస్ దాటిన తరువాత చురుగ్గా కలిసి గోధుమ రంగును, కమ్మని వాసనను ఇస్తాయి. అదే మార్పు హద్దు దాటితే చేదు పుడుతుంది. కనుక మనకు కావలసింది ఆ మార్పు మెల్లగా జరిగే సెగ.

దాన్ని తెలుసుకోవడానికి నేను నీటి బొట్టును నమ్ముతాను. నాన్‌స్టిక్ కాని మందపాటి ఇనుప లేదా స్టీలు మూకుడును సన్న సెగ మీద మూడు నాలుగు నిమిషాలు వేడి చేసి, ఒక్క బొట్టు నీరు వేసి చూడాలి. బొట్టు చుయ్‌మని బుడగలు కక్కి అక్కడే ఆవిరైతే సెగ సరిపోయింది. అది ముత్యంలా గుండ్రంగా మారి మూకుడు మీద దొర్లితే వేడి చాలా ఎక్కువైందని అర్థం. అప్పుడు పొయ్యి ఆపి, కాసేపు చల్లారనిచ్చి, తడి లేకుండా తుడిచి మళ్ళీ మొదలుపెట్టాలి.

అపోహ: అన్నీ ఒకేసారి వేసి వేయిస్తే వాసనలు బాగా కలుస్తాయి.

వాస్తవం: వాసనలు రోట్లోనో మిక్సీలోనో కలుస్తాయి, మూకుడులో కాదు. శనగపప్పు గింజ పెద్దది, గట్టిది. జీలకర్ర సన్నది. శనగపప్పు దోరగా వేగేసరికి జీలకర్ర మాడిపోతుంది. జీలకర్ర వాసన రాగానే దించేస్తే పప్పు పచ్చిగా మిగులుతుంది.

నేను చేసే ఒక వాయిని వివరంగా చెబుతాను. ధనియాలు 100 గ్రాములు, శనగపప్పు 50 గ్రాములు, ఎండుమిరపకాయలు 40 గ్రాములు, జీలకర్ర రెండు చెంచాలు, మెంతులు ఒక చెంచా. అన్నిటికన్నా ముందు జల్లెడ పట్టాలి, ఎందుకంటే అడుగున చేరే నలకలూ దుమ్మూ గింజల కన్నా ముందే మాడి ఆ చేదును మిగతావాటికి అంటిస్తాయి. మొదట శనగపప్పును సన్న సెగ మీద ఆరేడు నిమిషాలు, లేత ఎరుపు వచ్చేవరకు వేయిస్తాను. తరువాత ధనియాలకు నాలుగు నిమిషాల వరకు పడుతుంది. వాటి రంగు కొద్దిగానే మారుతుంది కనుక, వేళ్ళ మధ్య నలిపితే సులువుగా చిట్లడమే గుర్తుగా తీసుకుంటాను. జీలకర్రకు నిమిషం, నిమిషంన్నర చాలు. మిరపకాయలను ఉబ్బి పెళుసుగా అయ్యేవరకే ఉంచాలి, ఒక్క నల్ల మచ్చ వచ్చినా ఆ కాయను తీసేయాలి. ప్రతి సరుకుకూ మధ్య మూకుడును పొడి గుడ్డతో తుడుస్తాను. ఈ నిమిషాలు నా మూకుడుకు, నా పొయ్యికి సరిపోయినవి. మీ వంటింట్లో అవి మారవచ్చు, కానీ గుర్తులు మారవు.

అపోహ: మెంతులు ఎలాగూ చేదే, కాబట్టి నల్లగా వేయిస్తే ఆ చేదు పోతుంది.

వాస్తవం: ఎక్కువ నష్టం చేసేది ఈ అపోహే. మెంతులకు పుట్టుకతో ఒక చేదు ఉంది. సన్న సెగ మీద వేయిస్తే అది కొంత మెత్తబడి, దాని వెనుక ఉన్న కమ్మదనం పైకి వస్తుంది. మాడినప్పుడు పుట్టే చేదు వేరు. అది పాత చేదును తొలగించకపోగా దానికి తోడవుతుంది. పసుపుపచ్చని మెంతులు ముందు ముదురు పసుపు రంగులోకి, తరువాత లేత ఎరుపులోకి మారతాయి. సాంబారు పొడికి ఈ లేత ఎరుపు మొదలైన చోటే నేను ఆపుతాను. ఒక చెంచాకు అది దాదాపు రెండు నిమిషాల పని. గింజను చల్లార్చి కొరికితే పటుక్కున విరగాలి. రాయిలా గట్టిగా ఉంటే ఇంకా వేగాలి. ముదురు గోధుమ రంగు దాటిన చెంచాడు మెంతులు 200 గ్రాముల పొడిని పాడుచేయగలవు. అందుకే అలాంటివి తీసేసి, కొత్తవి వేయించడమే మంచిది.

అపోహ: పొయ్యి ఆపితే వేగడం ఆగిపోతుంది.

వాస్తవం: మూకుడు ఎంత మందంగా ఉంటే అంత వేడిని దాచుకుంటుంది. దించిన గింజలు దాని మీద ఇంకా వేగుతూనే ఉంటాయి. కుప్పగా పోసిన గింజలు కూడా ఒకదానికొకటి వేడి అందించుకుంటాయి. అందువల్ల పక్కనే వెడల్పాటి స్టీలు పళ్ళెం సిద్ధంగా ఉంచుకుని, కావలసిన రంగుకు ఒక మెట్టు ముందే అందులో పోసి పలుచగా పరచాలి. ముఖ్యంగా నువ్వుల విషయంలో నేను ఇందులో ఏమాత్రం ఆలస్యం చేయను. చిటపటలాడడం మొదలై, కొన్ని గింజలు ఎగిరిన వెంటనే పళ్ళెంలోకి మారుస్తాను. నల్ల నువ్వుల రంగు కంటికి తెలియదు కనుక, వాటిని ఈ చిటపటను, వాసనను, వేళ్ళతో నలిపి చూడడాన్ని బట్టే తెలుసుకోవాలి.

అపోహ: ఓవెన్‌లో పల్లీలు, జీడిపప్పు పెట్టి టైమరు వేస్తే చాలు, చూడనక్కరలేదు, కరకరలాడేవరకు ఉంచాలి.

వాస్తవం: ఇంటి ఓవెన్ ముల్లు చూపే వేడికీ, లోపలి అసలు వేడికీ తేడా ఉండడం మామూలే. వెనుక భాగం ముందుభాగం కన్నా ఎక్కువ వేడిగా ఉండడమూ సాధారణమే. 160 డిగ్రీలకు ముందుగా వేడి చేసి, పల్లీలను ట్రేలో ఒకే వరుసగా పరచి, ఐదు నిమిషాలకొకసారి కలుపుతూ, ట్రేను తిప్పి పెట్టాలి. పావు కిలోకు సుమారు 20 నిమిషాలు పడుతుంది. జీడిపప్పుకు దాదాపు సగం సమయమే చాలు. వేడి పల్లీ ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది. చల్లారాకే కరకరలాడుతుంది కాబట్టి, లోపల మెత్తగా ఉందని మళ్ళీ పెట్టినవారు ఎక్కువగా చేదు పల్లీలనే తీస్తారు. పదిహేనో నిమిషం నుంచి ఒక పల్లీ తీసి రెండుగా విడదీసి లోపలి రంగు చూడాలి. అది తెల్లగా ఉంటే పచ్చి, లేత గంధపు రంగులో ఉంటే తీయవలసిన సమయం, గోధుమ రంగు వచ్చిందంటే ఆలస్యమైంది. కిందటి వేసవిలో నేను ఒక ట్రేను సరైన సమయానికే తీసి, వేడి ట్రేలోనే వదిలేసి ఫోను మాట్లాడి వచ్చేసరికి, గింజల అడుగు భాగాలన్నీ గోధుమ రంగుకు మారాయి. ఆ రెండు కిలోలు చట్నీకి పనికిరాలేదు.

అపోహ: చేదు వస్తే బెల్లమో, ఉప్పో కలిపి సరిచేయవచ్చు.

వాస్తవం: అవి నాలుక మీద చేదును కొంత కప్పుతాయి. సాంబారులో కలిపి మరిగించి, పులుసు చల్లారాక రుచి చూస్తే అది మళ్ళీ బయటపడుతుంది. అందుకే నేను పొడి కొట్టే ముందే, ప్రతి సరుకు నుంచి పూర్తిగా చల్లారిన రెండు గింజలు తీసుకుని విడివిడిగా నమిలి చూస్తాను. ఏ సరుకు మాడు చేదనిపిస్తే దాన్ని ఒక్కదాన్నే తీసేసి, దాని బదులు కొత్తది వేయిస్తాను. కలిపి పొడి కొట్టిన తరువాత దేనిది తప్పో తేల్చడం కుదరదు.