రెండో టిక్కు ఎక్కడి నుంచి వస్తుంది?

రాత్రి 9:40కి మా అక్కకు వాట్సాప్‌లో "ఇంటికి చేరావా?" అని ఒక సందేశం పంపాను. దాని పక్కన బూడిద రంగు టిక్కు ఒక్కటే పడింది. పది గంటలకు చూస్తే అదే టిక్కు, పదిన్నరకు చూసినా అదే. పదకొండుకు మనసు ఆగక అదే ప్రశ్న మళ్లీ పంపాను. దానికీ ఒకటే. అలా నిలిచిపోయిన ఒంటి టిక్కును చూస్తూ కూర్చుంటే ఎన్ని ఊహలు ముసురుకుంటాయో అనుభవించిన వారికి చెప్పనక్కర లేదు.

ఆ ఊహలకు మూలం ఒక చిన్న పొరపాటు. మన సందేశం ఎంత దూరం వెళ్లిందో కనిపెట్టి ఎవరో పైనుంచి టిక్కులు వేస్తున్నారని అనుకుంటాం. నిజానికి ప్రతి టిక్కూ ఒక రసీదు. అవతల అందుకున్నవారు "ముట్టింది" అని తిప్పి పంపితేనే అది మన తెర మీదకు వస్తుంది. రసీదు రాలేదంటే రాలేదని మాత్రమే తెలుస్తుంది. ఎందుకు రాలేదో తెలియదు.

పంపే మీట నొక్కగానే ఫోను ఆ సందేశానికి ఒక గుర్తింపు సంఖ్య ఇస్తుంది, అక్క దగ్గర మాత్రమే విప్పగలిగేలా తాళం వేస్తుంది, తర్వాత వాట్సాప్ సర్వర్‌కు పంపుతుంది. అప్పటిదాకా పక్కన చిన్న గడియారం బొమ్మ ఉంటుంది. సర్వర్ దాన్ని అందుకుని, ఫలానా సంఖ్య గల సందేశం ముట్టిందని బదులిస్తుంది. గడియారం పోయి మొదటి టిక్కు వచ్చేది అప్పుడే. కాబట్టి ఒంటి టిక్కు ఉందంటే నా ఫోను, నా ఇంటర్‌నెట్ తమ పని చేశాయన్న మాట. లోపం నా వైపు ఉంటే గడియారమే మిగిలి ఉండేది.

ఆ బదులు దారిలోనే తప్పిపోతే? సర్వర్‌కు సందేశం చేరింది, చేరిన సంగతి మాత్రం నా ఫోనుకు తెలియలేదు. అప్పుడు ఫోను అదే సందేశాన్ని అదే సంఖ్యతో మళ్లీ పంపుతుంది. ఆ సంఖ్య గల సందేశం ఇప్పటికే తన దగ్గర ఉందని సర్వర్ గుర్తిస్తుంది కాబట్టి రెండోసారి వచ్చినది వదిలేసి, రసీదు మాత్రం మళ్లీ ఇస్తుంది. నెట్‌వర్క్ సరిగా లేనిచోట కూడా ఒకే మాట అవతలివారికి రెండుసార్లు కనిపించకపోవడానికి కారణం ఆ సంఖ్యే.

రెండో టిక్కు సంగతి వేరు. దాన్ని సర్వర్ సొంతంగా వేయలేదు. అక్క ఫోను సర్వర్‌తో కలవాలి, సందేశాన్ని దించుకోవాలి, తాళం విప్పి తనలో దాచుకోవాలి, ఆపైన రసీదు తిరిగి పంపాలి. ఆ రసీదు నా ఫోనుకు చేరినప్పుడే రెండో టిక్కు పడుతుంది. ఆ సమయానికి నా ఫోనుకే ఇంటర్‌నెట్ లేకపోతే రసీదు సర్వర్ దగ్గర ఆగి ఉంటుంది. అక్క చదివేసి ఉన్నా నాకు ఒకటే టిక్కు కనిపిస్తుంది. అక్క వాట్సాప్‌ను కంప్యూటర్‌కు కూడా జతచేసుకుని ఉంటే, ఫోను కట్టేసి ఉన్నా కంప్యూటర్ నుంచే రసీదు రావచ్చు.

రసీదు రానంతవరకూ సందేశం తాళం వేసిన స్థితిలోనే సర్వర్‌లో ఉంటుంది, అదీ 30 రోజుల వరకే. ఆలోపు అవతలి ఫోను సర్వర్‌ను కలవకపోతే దాన్ని తుడిచేస్తారు. ఇక ఆ టిక్కు ఎప్పటికీ ఒంటరిదే.

అవతలి ఫోను ఎందుకు కలవదు? ఛార్జింగ్ అయిపోవడం, సిగ్నల్ లేకపోవడం, డేటా ఆపేసి ఉండడం, యాప్‌ను తీసేయడం వంటివి అందరికీ తెలిసినవే. వీటికంటే ఎక్కువ అపార్థాలకు దారి తీసే కారణం ఇంకొకటుంది. ఫోను చేతిలోనే ఉంటుంది, ఇంటర్‌నెట్ కూడా పనిచేస్తుంటుంది, అయినా సందేశం దిగదు. బ్యాటరీ ఆదా చేసే ఏర్పాట్ల వల్ల ఇలా జరుగుతుంది. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6.0 నుంచి, ఛార్జర్ తీసి కదలకుండా పెట్టిన ఫోను తెర ఆరిపోయి కొంతసేపయ్యాక నిద్రలోకి జారుతుంది. యాప్‌లు తమంతట తాము నెట్‌వర్క్‌ను వాడుకోకుండా ఆపుతుంది. వాట్సాప్ వంటి యాప్‌లకు గూగుల్ సేవ ద్వారా వచ్చే అత్యవసర సంకేతం మాత్రం ఆ నిద్రను దాటుకుని యాప్‌ను లేపగలదు. అయితే కొన్ని ఫోన్ల తయారీదారులు దీనికి మించి తమ సొంత కట్టడులు పెడతారు. ఎవరైనా సెట్టింగుల్లోకి వెళ్లి యాప్‌ను బలవంతంగా ఆపినా ఆ సంకేతం పనిచేయదు. అప్పుడు మనిషి యాప్‌ను తెరిస్తే తప్ప సందేశాలు దిగవు, తెరవగానే అన్నీ ఒక్కసారిగా దిగుతాయి. "ఇప్పుడే వచ్చింది" అని అవతలివారు అన్నప్పుడు అది సాకు కాకపోవచ్చు. దయచేసి నమ్మండి.

బ్లాక్ చేసినప్పుడూ ఒకటే టిక్కు. సర్వర్ నా సందేశాన్ని తీసుకుని రసీదు ఇస్తుంది, అవతలికి మాత్రం పంపదు. ఆ తర్వాత బ్లాక్ తీసేసినా, ఆ మధ్యకాలంలో పంపినవి చేరవు. బయటికి ఇది ఆరిపోయిన ఫోనులాగే కనిపిస్తుంది. కావాలనే అలా ఉంచారు, అది సరైన పనే అని నా అభిప్రాయం. ఒకరిని దూరం పెట్టక తప్పనివారికి ఆ అస్పష్టతే రక్షణ. అవతలివారు "ఆన్‌లైన్"లో ఉన్నట్టు మీకు కనిపిస్తోందంటే మాత్రం బ్లాక్ అనే అనుమానం వదిలేయవచ్చు, ఎందుకంటే బ్లాక్ అయినవారికి అది కనిపించదు. కనిపించనంత మాత్రాన బ్లాక్ చేశారని కాదు. దాన్ని అందరికీ దాచుకునే వీలు కూడా ఉంది.

నీలి టిక్కులు కూడా రసీదులే. 2014 నవంబరులో ఇవి వచ్చాయి. అవతలివారు ఆ సంభాషణను తెరిచారని మాత్రమే ఇవి చెప్పగలవు, మాట మనసుకు ఎక్కిందని కాదు. నోటిఫికేషన్‌లోనే చదివేసుకుంటే నీలం పడదు. చదివిన రసీదులను ఆపుకున్నవారి నుంచీ రాదు, రెండు బూడిద టిక్కులు మాత్రం ఎప్పటిలా వస్తాయి. టెలిగ్రామ్ వాడేవారు ఒక తేడా గమనించాలి. అక్కడ మొదటి టిక్కు సర్వర్‌కు చేరిందని, రెండోది చదివారని. ఫోనుకు చేరిందని చెప్పే గుర్తు మధ్యలో లేదు. అందుకే అక్కడ ఒంటి టిక్కు చూసి ఫోను ఆరిపోయిందని అనుకోవడానికి వీల్లేదు.

మర్నాడు పొద్దున చూసేసరికి రెండు సందేశాల పక్కనా నీలి టిక్కులున్నాయి. మొదటిదాని మీద వేలు నొక్కిపట్టి, సమాచారం చూపే పేజీ తెరిచాను. చేరిన సమయం 6:05, చదివిన సమయం 6:40. ప్రయాణంలో ఫోను ఆరిపోయిందని, ఇంటికి రాగానే ఛార్జింగ్‌కు పెట్టి ఆన్ చేయకుండానే నిద్రపోయిందని అక్క చెప్పింది. పొద్దున ఆన్ చేయగానే సందేశాలు దిగాయి. ముఖం కడుక్కుని వచ్చాక వాటిని తెరిచింది. పదకొండుకు నేను పంపిన రెండో సందేశం పేజీ కూడా చూశాను. అదీ 6:05కే చేరింది. రాత్రంతా అది మొదటిదాని వెనకే వరుసలో నిలబడి ఉంది.